భుజం దగ్గర వేలు పెట్టి చూడండి

మా అక్క మనవరాలికి పదకొండు వారాలు. బరువు 5 కిలోలు. తణుకులో పుట్టింట్లో ఉన్న తల్లీబిడ్డల్ని హైదరాబాద్ తీసుకెళ్లడానికి అల్లుడుగారు ముందురోజు సాయంత్రమే కారేసుకుని వచ్చారు. కారు వెనక సీట్లో కొత్త బేబీ సీటు బిగించి ఉంది. వెనక్కి తిరిగి ఉండే రకం, అంటే బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండేది. ఎంతో శ్రద్ధగా ఎంచి కొన్నారని చూడగానే తెలిసింది. బిడ్డను అందులో కూర్చోబెట్టి చూశాక మాత్రం నేను ఒక చోట ఆగిపోయాను. భుజాల మీదుగా వచ్చే పట్టీలు బిడ్డ భుజం కన్నా పై కంతల్లోంచి వస్తున్నాయి.

"పెరిగే పిల్ల కదా అత్తయ్యా, కొంచెం పైకి పెట్టాను" అన్నారు అల్లుడుగారు.

చొక్కా కొనేటప్పుడు ఒక సైజు పెద్దది తీసుకుంటాం చూడండి, అదే ఆలోచన. ఇరవై రెండేళ్ల కిందట డల్లాస్‌లో మా అబ్బాయికి సీటు బిగించినప్పుడు నేనూ అదే చేశాను. సీట్లు తనిఖీ చేయడంలో శిక్షణ పొందిన ఒకావిడ చూసి, పట్టీలు మొత్తం ఊడదీసి, నా చేతికే ఇచ్చి మళ్లీ ఎక్కించమన్నారు. ఎందుకో ఆవిడ చెప్పిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. ఆ రోజు అల్లుడుగారికి నేను చెప్పిందీ అదే.

కారు ఎదురుగా దేన్నో గుద్దుకుందనుకోండి. కారు ఆగిపోతుంది, లోపలున్నవాళ్లు ఆగరు. అదే వేగంతో ముందుకే పోతుంటారు. మనం ముందుకు చూస్తూ కూర్చుంటాం కాబట్టి ఒళ్లు ముందుకు పోతుంది, సీటు బెల్టు ఛాతీని పట్టి ఆపుతుంది, తల మాత్రం ఒక్క మెడ ఆధారంగా ముందుకు విసిరినట్టు పోతుంది. పెద్దవాళ్ల మెడ దాన్ని తట్టుకోవచ్చు. పసిబిడ్డ సంగతి వేరు. వాళ్ల ఒళ్లంతటిలో తలే బరువు. పుట్టినప్పుడు తల పొడవే మొత్తం పొడవులో పావు వంతు ఉంటుంది. మెడలోని వెన్నుపూసలు ఇంకా గట్టిపడని ముక్కలుగా, మధ్యలో మెత్తటి మృదులాస్థితో ఉంటాయి. అవి ఎముకగా కలిసిపోవడానికి కొన్నేళ్లు పడుతుంది. అందుకే బిడ్డను వెనక్కి తిప్పి పెడతాం. అప్పుడు ఆ ముందుకు పోయే ఊపులో బిడ్డ తల, మెడ, వీపు మూడూ కలిసి ఒకేసారి సీటు వీపుకు ఆనుకుంటాయి. దెబ్బ బలం వీపంతా పరుచుకుంటుంది, మెడ మీద విడిగా పడదు. ఈ ఆలోచన స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడిది. జెమిని వ్యోమనౌకలో వ్యోమగాములు వెల్లకిలా పడుకుని ఆ ఒత్తిడిని వీపుతో తట్టుకోవడం చూసి, 1964లో ఆయన వెనక్కి తిరిగిన బిడ్డ సీటు నమూనా తయారు చేశారు.

ఇక పట్టీల సంగతి. గుద్దుకున్న క్షణంలో సీటు వీపు భాగం కొంచెం కారు ముందుభాగం వైపు వాలుతుంది. దాని మీద ఆనుకుని ఉన్న బిడ్డ ఆ వాలు మీద తలవైపుకి, అంటే పైకి జారబోతుంది. ఆ జారుడును ఆపేది భుజాల మీది పట్టీలే. పట్టీ భుజానికి సమానంగా గానీ, కొంచెం కింద నుంచి గానీ వస్తే, భుజాన్ని పైనుంచి కిందికి అదిమి మొదటి క్షణం నుంచే పట్టుకుంటుంది. అదే పట్టీ భుజానికి పైనున్న కంతలోంచి వస్తే, బిడ్డ భుజం ఆ కంత దాకా జారిన తర్వాతే అది పని మొదలుపెడుతుంది. మధ్యలో ఉన్న ఖాళీ అంతా బిడ్డ జారుతూనే ఉంటుంది. ఆ జారుడులో తల సీటు పై అంచు దాటి బయటికి వచ్చే ప్రమాదం ఉంది.

కాబట్టి వెనక్కి తిరిగిన సీట్లో పట్టీలు భుజానికి సమానంగా, లేదా కింద. ముందుకు తిరిగిన సీట్లో దీనికి సరిగ్గా ఉల్టా. అక్కడ సమానంగా, లేదా పైన. ముందుకు చూసే బిడ్డకు పట్టీ భుజం కింద నుంచి వస్తే, ఊపులో భుజాన్ని కిందికి లాగి వెన్నును నలిపేస్తుంది. ఈ రెండు సూత్రాలూ కలగాపులగం కావడం వల్లే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. పెద్దబిడ్డకు ఒకలా పెట్టిన చేతితోనే చిన్నబిడ్డకూ పెడతారు.

అల్లుడుగారి సీటుకు మూడు జతల కంతలున్నాయి. టేపు పెట్టి కొలిచాం. బిడ్డ కూర్చునే చోటు నుంచి మొదటి కంత 18 సెంటీమీటర్ల ఎత్తులో, రెండోది 22, మూడోది 26. బిడ్డ పిరుదులు సీటు మూలకు పూర్తిగా ఆనేలా కూర్చోబెట్టి, భుజం మీద నా చూపుడువేలు అడ్డంగా ఆనించి, అది వెనక వీపు మీద ఎక్కడ తగులుతుందో చూశాం. 20 దగ్గర. అంటే ఆయన ఎక్కించిన రెండో కంత భుజానికి 2 సెంటీమీటర్లు పైనుంది. రెండు సెంటీమీటర్లేగా అనిపిస్తుంది. కానీ సరైన కంత మొదటిదే. భుజం పెరిగి రెండో కంతను అందుకునేదాకా పట్టీలు అక్కడే ఉండాలి. దగ్గరగా ఉన్న కంత ఏదైతే అది అని చూడకూడదు. భుజానికి సమానంగానో కిందనో ఉన్నవాటిలో అన్నిటికన్నా పైది చూడాలి.

ఈ కొలత తీసేటప్పుడు ఒక జాగ్రత్త. నెలల పిల్లలకు సీటుతో పాటు మెత్తటి చిన్న పరుపు ఒకటి వస్తుంది. అది ఉంటే బిడ్డ కాస్త పైకి లేస్తుంది, తీస్తే కిందికి దిగుతుంది. ప్రయాణంలో ఎలా ఉంటుందో అలాగే ఉంచి కొలవాలి. సీటుతో వచ్చిన పరుపు కాకుండా విడిగా బజార్లో అమ్మే తలదిండ్లు, పట్టీలకు తొడిగే మెత్తలు వాడొద్దు. అవి ఆ సీటుతో కలిపి పరీక్షించినవి కావు.

పట్టీ మార్చడం పదిహేను నిమిషాల పని. ముందుభాగంలో ఉండే మీట నొక్కి పట్టీలను పూర్తిగా వదులు చేయాలి. సీటు వెనక్కి తిప్పితే రెండు పట్టీల చివరలూ ఒక ఇనుప పలకకు తగిలించి కనిపిస్తాయి. వాటిని పలక నుంచి విడదీసి, ముందువైపుకి లాగి, కింది కంతల్లోంచి మళ్లీ వెనక్కి దూర్చి, పలకకు తగిలించాలి. రెండు పట్టీలూ ఒకే ఎత్తు కంతల్లో ఉన్నాయా, ఎక్కడైనా మెలిక పడిందా, పలకకు పూర్తిగా దిగాయా అని వేలితో తడిమి చూడాలి. కొన్ని కొత్త సీట్లలో ఈ శ్రమ లేదు. తలవైపు దిమ్మను పైకీ కిందికీ జరిపితే పట్టీలూ దానితోనే కదులుతాయి. సీటు కొనేటప్పుడు నేనైతే దానికే కొంచెం ఎక్కువ డబ్బు పెడతాను. పట్టీలు ఊడదీసి ఎక్కించే సీట్లలో ఆ పని చాలామంది వాయిదా వేస్తూ పోతారు.

ఎత్తు సరిపెట్టాక బిగువు. పట్టీలు బిగించాక, బిడ్డ భుజం పైన, గొంతు ఎముక దగ్గర పట్టీని నిలువుగా బొటనవేలు, చూపుడువేలు మధ్య గిల్లినట్టు పట్టుకోండి. మడత దొరికితే వదులుగా ఉన్నట్టే. వేళ్లు పట్టు దొరక్క జారిపోవాలి. మా అక్క ఇక్కడే అడ్డుపడింది. "అంత బిగిస్తే పిల్లకు ఊపిరాడుతుందా చెల్లీ!" అంది. ఆడుతుంది. ఒంటికి ఆనుకుని ఉండాలి గానీ ఒంటిని నొక్కకూడదు. నొక్కితే చర్మం మీద పట్టీ గుంటలు పడి కనిపిస్తాయి.

బిగువు కుదరకపోవడానికి మన ఇళ్లలో ముఖ్యమైన కారణం బట్టలే. ప్రయాణమంటే బిడ్డను పొత్తిళ్లలో చుట్టి, పైన స్వెటరు వేసి, శాలువా కప్పి తెస్తారు. వాటి మీదుగా పట్టీ బిగిస్తే చూడ్డానికి బిగువుగానే ఉంటుంది. గుద్దుకున్నప్పుడు ఆ దూది, ఆ ఉన్ని అంతా నలిగి పల్చనైపోతుంది. అప్పుడు లోపల బిడ్డ వదులుగా మిగులుతుంది. పొత్తిళ్లలో చుట్టిన బిడ్డకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ అసలు పెట్టడానికే కుదరదు, కాళ్లు విడిగా ఉండాలి. కాళ్లున్న పల్చటి గౌను తొడిగి, పట్టీలు బిగించి, చలిగా ఉంటే ఆ తర్వాత పైన దుప్పటి కప్పండి. క్రమం మారిస్తే చాలు, బిడ్డకు వెచ్చదనమూ ఉంటుంది, పట్టీ పనీ చెడదు.

అక్కకు అసలు అభ్యంతరం మరొకటి. "నా ఒళ్లో పడుకోబెట్టుకుని గట్టిగా పట్టుకుంటాను, ఇదంతా ఎందుకు?" అంది. ఆమె పట్టు మీద నాకు అనుమానం లేదు. లెక్క చెప్పాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గుద్దుకుని సెకనులో పదో వంతు సమయంలో ఆగిందనుకుందాం. ఆ కొద్ది క్షణం 5 కిలోల బిడ్డను ఆపడానికి సగటున 70 కిలోల బరువు ఎత్తేంత బలం కావాలి. ఆ బలం ముందే చెప్పి రాదు. చేతులు బిగుసుకునేలోపే బిడ్డ జారిపోతుంది. ఆమె తన బెల్టు పెట్టుకోకపోతే ఇంకా ఘోరం, ఆమె బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి, బిడ్డ పక్కన వెనక సీట్లో తనే కూర్చుంటానని చెప్పి, బెల్టు ఎలా పెట్టుకోవాలో చూపించమంది.

చట్టం కూడా ఒక మాట చెబుతుంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని సీటు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకుండా కారులో తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా.

ఇప్పుడు కారులో సీటు ఎక్కడ, ఎలా బిగించాలన్నది. ముందు సీటు మాటే వద్దు. అక్కడ పేలే ఎయిర్‌బ్యాగ్ వెనక్కి తిరిగిన సీటు వీపును, దానికి ఆనుకున్న బిడ్డ తలను నేరుగా కొడుతుంది. వెనక సీటు మధ్యలో బాగుంటుంది గానీ, చాలా చిన్న కార్లలో అక్కడ నడుము మీద మాత్రమే వచ్చే బెల్టు ఉంటుంది, లేదా మధ్య భాగం ఎత్తుగా ఉంటుంది. నడుము, భుజం రెండూ పట్టే బెల్టుతోనే బిగించాలని సీటు పుస్తకం చెబితే అది అక్కడ పనికిరాదు. అల్లుడుగారి కారులో మేం ఎడమ వెనక సీటును ఎంచుకున్నాం. మన రోడ్ల మీద బండి ఆపితే ఆ తలుపు వాహనాలు పోయే వైపు కాకుండా రోడ్డు అంచు వైపు తెరుచుకుంటుంది.

ఆ కారులో ఐసోఫిక్స్ ఉంది. సీటు కూర్చునే భాగం, వీపు భాగం కలిసే సందులో వేలు పెడితే రెండు ఇనుప కొక్కేలు తగులుతాయి, అవే. వాటికి సరిపడే అడుగుపీఠం ఉంటే టక్కుమని తగిలి, ఆకుపచ్చ గుర్తు కనిపిస్తుంది. కానీ ఈ సీటుకు ఆ పీఠం లేదు. కారు బెల్టుతోనే బిగించాలి. అలాంటి సీట్లకు పక్కల మీద నీలం రంగు గుర్తులుంటాయి. వెనక్కి తిరిగి పెట్టినప్పుడు బెల్టు నీలం గుర్తుల్లోంచే పోవాలి. ఎరుపు ముందుకు తిప్పి పెట్టడానికి. నడుము బెల్టు బిడ్డ కాళ్లకు అడ్డంగా, తొట్టికి రెండు పక్కలా ఉన్న నీలం కొక్కేల కిందుగా పోతుంది. భుజం బెల్టు తొట్టి వీపు వెనక నుంచి చుట్టి, అక్కడి నీలం కొక్కెంలో పడుతుంది. అల్లుడుగారు నడుము బెల్టు సరిగానే పెట్టారు గానీ భుజం బెల్టును కూడా ముందు నుంచే పోనిచ్చారు. సీటు ఊగకుండా నిలబడింది కాబట్టి ఆయనకు తప్పు కనిపించలేదు. గుద్దుకున్నప్పుడు సీటు వీపు తిరగబడకుండా ఆపేది ఆ వెనక నుంచి చుట్టే బెల్టే.

చిన్న కార్లలో ఇంకో ఇబ్బంది, బెల్టు పొడవు చాలకపోవడం. సీటు కొనేముందు మీ కారులో పెట్టి, బెల్టు పూర్తిగా చుట్టి, బకిల్ పడుతుందో లేదో చూడటం తప్ప దీనికి దారి లేదు. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి ఇచ్చే గడువులోపే ఈ పని చేయండి. ఎంచుకునేటప్పుడు చూడాల్సిన మరో గుర్తు సీటు మీద అతికించిన నారింజ రంగు చీటీ. దాని మీద గుండ్రంలో E అక్షరం, అంకె, R44/04 అనో R129 అనో ఉంటుంది. అది యూరప్ పరీక్షల్లో నెగ్గినట్టు. మన దేశ ప్రమాణం AIS-072. చీటీలేని సీటు ఎంత చవకైనా, ఎంత అందంగా ఉన్నా కొనొద్దు. వాడిన సీటు బంధువులు ఇస్తే, అది ప్రమాదంలో ఉందో లేదో మీకు కచ్చితంగా తెలిస్తేనే తీసుకోండి. ప్లాస్టిక్ మీద పోతపోసిన తేదీ కూడా చూడండి, సీట్లకు వాడుక గడువుంటుంది.

అమెరికా నుంచి సీటు తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. అక్కడి కార్లలో వెనక బెల్టును చివరిదాకా లాగి వదిలితే కటకటమంటూ లాక్ అవుతుంది, వదులు కాదు. అక్కడి సీట్లు చాలావరకు ఆ నమ్మకం మీదే బిగుస్తాయి. మన కార్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు, బెల్టు నెమ్మదిగా వదులైపోతుంది. సీటులోనే బెల్టును బిగబట్టే క్లిప్పు ఉందో, మీ కారు కొక్కేలకు అది తగులుతుందో చూసుకుని తేవాలి. మరొకటి, అమెరికా సీట్లలో ఛాతీ మీద ఒక క్లిప్పు ఉంటుంది, అది చంకల ఎత్తులో ఉండాలి. యూరప్ రకం సీట్లకు అది ఉండదు. లేదు కదా అని విడిగా కొని తగిలించకండి.

బిగించాక బెల్టు పోయే చోట తొట్టిని పట్టుకుని పక్కలకు కదిపి చూశాం. అంగుళం కన్నా ఎక్కువ జరగకూడదు. తల వైపు అంచును పట్టి ఊపితే కొంచెం ఊగుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. తర్వాత వాలు చూశాం. నెలల బిడ్డ మెడ నిలపలేదు. సీటు మరీ నిటారుగా ఉంటే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుని, ఊపిరి దారి నొక్కుకుపోతుంది. ఏడవదు, కదలదు, నిద్రపోతున్నట్టే ఉంటుంది. అందుకే చాలా సీట్ల పక్కన ఒక గీతో, బుడగో ఉంటుంది. బండి చదునైన నేల మీద ఉన్నప్పుడు ఆ గీత నేలకు సమాంతరంగా ఉండాలి. గడ్డానికీ ఛాతీకీ మధ్య వేలు దూరేంత చోటు ఉందో లేదో దారిలోనూ చూస్తుండమని అక్కకు చెప్పాను. వెనక సీట్లో ఒకరు పక్కనే కూర్చోవడం వల్ల ప్రయోజనం అదే.

పొద్దున్నే ఆరింటికి బయలుదేరారు. ఏలూరు దాటాక ఒకసారి, సూర్యాపేటలో ఒకసారి ఆగి, బిడ్డను సీట్లోంచి తీసి పాలిచ్చి, కాసేపు చదునుగా పడుకోబెట్టారు. రెండు గంటలకు మించి ఒకే పట్టున సీట్లో ఉంచొద్దనీ, ఏడ్చినా నడుస్తున్న బండిలో పట్టీ విప్పి ఒళ్లోకి తీసుకోవద్దనీ, బండి పక్కకు ఆపి తీయమనీ ముందే అనుకున్నాం. ఇంటికి చేరాక నిద్రపోతోంది కదా అని సీటుతో సహా లోపల పెట్టి వదిలేయకుండా, తీసి చాప మీద పడుకోబెట్టమన్నాను. ఆ తల వాలిపోయే ప్రమాదం ఇంట్లోనూ అంతే.

తర్వాత నెలకోసారి భుజం కొలత చూడమని చెప్పాను. రెండు నెలలకు మా అమ్మాయి ఫోనులో ఒక ఫొటో పంపింది. బిడ్డ భుజం మీద వేలు అడ్డంగా ఉంది, వేలు కన్నా రెండో కంత కాస్త పైన కనిపిస్తోంది. "పిన్నీ, మార్చేయనా?" అని అడిగింది. ఇంకా వద్దన్నాను. మరో మూడు వారాలకు ఇంకో ఫొటో వచ్చింది. వేలు సరిగ్గా కంతతో సమానం. ఇప్పుడు మార్చమన్నాను, మార్చాక సీటు వెనక భాగం కూడా ఫొటో తీసి పంపమన్నాను. పంపింది. కుడి పట్టీ రెండో కంతలో ఉంది, ఎడమది ఇంకా మొదటి దాంట్లోనే ఉంది. ఫోను పక్కన పెట్టి మళ్లీ విప్పింది. పావుగంట తర్వాత వచ్చిన ఫొటోలో రెండూ ఒకే వరుసలో ఉన్నాయి.